హాల్‌టికెట్‌లో ఏ గడి ఎక్కడ నింపాలి

నీట్ హాల్‌టికెట్ ఒక్క కాగితం కాదు. ప్రింటు తీస్తే మూడు పేజీలు వస్తాయి. మొదటి పేజీలో పరీక్షా కేంద్రం వివరాలు, వాటి కింద విద్యార్థి రాసి ఇవ్వాల్సిన హామీపత్రం ఉంటాయి. రెండో పేజీ పోస్టుకార్డు సైజు ఫొటో అంటించడానికి. మూడో పేజీ నిండా సూచనలు. ఈ పేజీల్లోని కొన్ని గడులు ఇంటి దగ్గరే పూర్తిచేసుకుని వెళ్లాలి. కొన్నింటిని మాత్రం హాలులో ఇన్విజిలేటర్ ఎదురుగా నిలబడేదాకా ముట్టుకోకూడదు. సెంటరు సొంత ఊళ్లోనే పడితే ఏదైనా పొరపాటు జరిగినా ఇంటికెళ్లి ఇంకో ప్రింటు తెచ్చుకోవచ్చు. నూరు కిలోమీటర్ల అవతల సెంటరు పడ్డ పిల్లలకు ఆ వీలుండదు. అందుకే వాళ్లు ఏమేం తీసుకెళ్లాలో తెలుసుకుంటే సరిపోదు, ఏది ఎక్కడ పూర్తిచేయాలో కూడా తెలుసుకోవాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు దగ్గరి గ్రామంలో ఉండే అమ్మాయికి సెంటరు విశాఖపట్నంలో పడిందనుకుందాం. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి, మాడుగుల, చోడవరం మీదుగా విశాఖ చేరడానికి బస్సులో నాలుగు గంటల దాకా పట్టొచ్చు. ఊరి నుంచి పాడేరు రావడానికి పట్టే సమయం దీనికి అదనం. కింద చెప్పేవి 2025 నీట్ నిబంధనల మీద ఆధారపడినవి. పరీక్ష రాసే ఏడాది హాల్‌టికెట్ మూడో పేజీలో తేడాగా ఏదైనా ఉంటే దాన్నే పాటించాలి.

ముందు తేదీల సంగతి. పరీక్షకు కొన్నాళ్ల ముందు ఒక స్లిప్ విడుదలవుతుంది. అందులో సెంటరు ఏ నగరంలో పడిందో మాత్రమే ఉంటుంది. దాన్నే హాల్‌టికెట్ అనుకుని ప్రింటు తీసి దాచుకునే వాళ్లున్నారు. అది గేటు దగ్గర పనికిరాదు. 2025లో ఆ స్లిప్ ఏప్రిల్ 23న వచ్చింది, అసలు హాల్‌టికెట్ ఏప్రిల్ 30న వచ్చింది, పరీక్ష మే 4 ఆదివారం జరిగింది. అంటే హాల్‌టికెట్‌కూ పరీక్షకూ మధ్య దొరికినవి మూడు రోజులు. అందులో ఒకటి మే డే సెలవు, ఇంకొకటి ప్రయాణం చేయాల్సిన శనివారం. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇది చాలా తక్కువ వ్యవధి. కాబట్టి ఎక్కడ బస చేయాలి, ఎవరు తోడు వెళ్లాలి, ఏ బస్సుకు వెళ్లాలి అన్నవి స్లిప్ వచ్చిన రోజునే తేల్చుకోవాలి. హాల్‌టికెట్ వచ్చాక మిగిలేది ప్రింటు తీయడం, అంటించడం, నింపడం మాత్రమే కావాలి.

హాల్‌టికెట్ `neet.nta.nic.in` సైటులో దరఖాస్తు నంబరు, పుట్టిన తేదీ కొట్టి దింపుకోవాలి. దరఖాస్తు నింపింది కాలేజీవాళ్లో నెట్ సెంటరువాళ్లో అయితే ఆ నంబరు విద్యార్థి దగ్గర ఉండకపోవచ్చు. అది ముందే ఒక కాగితం మీద రాసి ఉంచుకోవాలి. పీడీఎఫ్‌ను రెండు ఫోన్లలో దాచి, ఏ4 కాగితం మీద మూడు పేజీలూ రంగుల్లో కనీసం రెండు సెట్లు తీయించాలి. వీలైతే లేజర్ ప్రింటరు మీద తీయించడం మంచిది. ఇంకు చల్లి ముద్రించే ప్రింటరుదైతే మే నెల చెమటకు చెయ్యి తగిలినచోటల్లా అలుక్కుపోతుంది. ప్రింటు చేతికి రాగానే అక్కడే నిలబడి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ప్రశ్నపత్రం భాష, ఫొటో, సంతకం సరిచూసుకోవాలి. తెలుగు మాధ్యమం కోరుకున్న వాళ్లు భాష గడిని తప్పకుండా చూడాలి. ఏదైనా తప్పు కనిపిస్తే ఎన్‌టీఏ హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి, ఈమెయిల్ కూడా పంపాలి. అది సరిదిద్దేలోగా పరీక్ష రోజు వచ్చేస్తే, దింపుకున్న హాల్‌టికెట్‌తోనే వెళ్లి పరీక్ష రాయవచ్చు. తప్పును తర్వాత రికార్డుల్లో సవరిస్తారు. పేరులో ఒక అక్షరం తేడా ఉందని పరీక్షే మానుకోవాల్సిన పనిలేదు.

ఇప్పుడు గడుల దగ్గరికొద్దాం. మొదటి పేజీలో పాస్‌పోర్టు సైజు ఫొటో అంటించే గడి ఉంటుంది. దరఖాస్తులో ఏ ఫొటో పెట్టారో అదే ఇక్కడా అంటించాలి. రెండో పేజీలో అంటించే 4 అంగుళాలు, 6 అంగుళాల పోస్టుకార్డు ఫొటో తెల్లని నేపథ్యంతో ఉండాలి. ఇవి కాక హాజరుపట్టీలో అంటించడానికి ఇంకో పాస్‌పోర్టు ఫొటో చేతిలో ఉండాలి. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఈ ఫొటోల దగ్గరే. దరఖాస్తు నింపేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో. అప్పుడు స్టూడియోలో దిగిన ఫొటో ఫైలు ఏప్రిల్ చివరికి ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. స్టూడియోవాళ్లు కంప్యూటర్లో చెరిపేసి ఉంటారు, దరఖాస్తు కాగితం మీది బొమ్మ పోస్టుకార్డు సైజుకు పెద్దది చేస్తే మసకబారుతుంది. అందుకే ఎన్‌టీఏ బులెటిన్ దరఖాస్తు సమయంలోనే ఆరు నుంచి ఎనిమిది పాస్‌పోర్టు ఫొటోలు, నాలుగు నుంచి ఆరు పోస్టుకార్డు ఫొటోలు తీయించి పెట్టుకోమంటుంది. కాలేజీలు ఈ ఒక్క మాటను దరఖాస్తు నింపించే రోజునే పిల్లలకు చెబితే చివరి వారంలో సగం హడావుడి తప్పుతుంది.

అప్పటి ఫొటో ఎంత వెతికినా దొరకకపోతే, ఉన్నంతలో అదే పోలిక వచ్చేలా కొత్తది దిగాలి. నేపథ్యం తెల్లగా ఉండాలి, చెవులు రెండూ కనబడాలి, దరఖాస్తు ఫొటోలో కళ్లద్దాలు ఉంటే ఇప్పుడూ పెట్టుకోవాలి, జడ వేసుకున్న తీరు కూడా అలాగే ఉండాలి. గేటు దగ్గర చూసేవాళ్లకు కావాల్సింది దరఖాస్తు నింపిన మనిషీ ఎదుట నిలబడిన మనిషీ ఒకరేనన్న నమ్మకం. అంటించడానికి గ్లూ స్టిక్ వాడాలి. నీళ్ల గమ్ము రాస్తే కాగితం ముడతలు పడి పక్కనున్న అచ్చు చెదురుతుంది. స్టేప్లర్ పిన్ను కొట్టకూడదు.

ఫొటో పక్కన ఎడమ బొటనవేలి ముద్ర గడి ఉంటుంది. ఇది ఇంటి దగ్గరే వేసుకుని వెళ్లాలి. అమ్మాయిలైనా అబ్బాయిలైనా ఎడమ బొటనవేలే. ముందు ఇంకో కాగితం మీద రెండుమూడు సార్లు వేసి చూసుకోవాలి. స్టాంపు ప్యాడ్ మీద వేలు గట్టిగా అదిమితే సిరా ఎక్కువై ముద్ర నల్లటి మచ్చలా పడుతుంది. వేలిని తేలిగ్గా ఆనించి, కాగితం మీద ఒక అంచు నుంచి రెండో అంచుకు ఒక్కసారి దొర్లిస్తే గీతలు విడివిడిగా కనబడతాయి. ఆరేదాకా పేజీని మడవకూడదు. తల్లిదండ్రుల సంతకం కూడా ఇంటి దగ్గర పెట్టించాల్సిందే. తోడుగా వచ్చేది మేనమామో అన్నయ్యో అయితే ఇది మరీ ముఖ్యం. నాన్న ఊళ్లో ఉండిపోయి, ఆ గడి ఖాళీగా ఉందని విశాఖలో తెలిసొస్తే చేయగలిగింది తక్కువ. వేలిముద్ర వేసే తల్లిదండ్రులుంటే ఆ పనీ బయల్దేరే ముందే అయిపోవాలి.

విద్యార్థి సంతకం సంగతి దీనికి పూర్తిగా వేరు. అది ఇన్విజిలేటర్ కళ్లెదుటే పెట్టాలి. అన్నీ నింపేద్దామన్న తొందరలో పిల్లలు ముందురోజు రాత్రే దాన్నీ పెట్టేస్తుంటారు. పోస్టుకార్డు ఫొటో మీద పడాల్సిన సంతకానికీ ఇదే నియమం. ఆ సంతకం ఎవరు చేశారో చూడటానికే అక్కడ మనిషిని పెట్టారు, ముందే చేసి తెస్తే ఆయన చూసేదేమీ మిగలదు. పొరపాటున పెట్టేసి ఉంటే దాని మీద గీతలు కొట్టొద్దు, తెల్లరంగు పూయొద్దు. రెండో సెట్టు తీసి మళ్లీ ఫొటో అంటించి, ముద్ర వేసి, తల్లిదండ్రుల సంతకం పెట్టించాలి. రెండు సెట్లు తీయమన్నది అందుకే. ఊరు దాటకముందే పేజీలన్నీ ఒకసారి చూసుకోమనడం కూడా అందుకే. సంతకం గడి పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, ‘ఇది హాలులో’ అని పిల్లకు నోటితో చెప్పి పంపితే ఇంకా మంచిది.

గుర్తింపు కార్డు విషయంలో నియమం సూటిగానే ఉంటుంది. ఫొటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కార్డు అసలుది కావాలి. ఆధార్, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పన్నెండో తరగతి హాల్‌టికెట్ ఆమోదించేవాటిలో ఉన్నాయి. జిరాక్స్ పనికిరాదు, దాని మీద గెజిటెడ్ అధికారి సంతకం చేయించినా పనికిరాదు. ఫోన్లో చూపించే కార్డుకూ విలువ లేదు. అసలు ఫోనే లోపలికి రానివ్వరు. పద్దెనిమిది నిండని పిల్లల దగ్గర సాధారణంగా ఉండేది ఆధార్ ఒక్కటే. అది పోతే `uidai.gov.in` నుంచి ఈ-ఆధార్ దింపి రంగుల ప్రింటు తీసుకోవచ్చు, అది అసలు కార్డుతో సమానం. ఆ ఫైలు తెరవడానికి ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు అక్షరాలను ఇంగ్లిషు పెద్దబడిలో కొట్టి, వెంటనే పుట్టిన సంవత్సరం కలపాలి. దింపుకోవడానికి ఆధార్‌కు జోడించిన నంబరుకు ఓటీపీ వస్తుంది. చాలా ఇళ్లలో ఆ నంబరు ఎప్పుడో మార్చేసిన పాత సిమ్ముదై ఉంటుంది. కాబట్టి కార్డు పోయాక కాదు, ఏప్రిల్లోనే ఒకసారి దింపి చూసుకోవాలి.

ఆధార్‌తో ఇంకో చిక్కుంది. చిన్నప్పుడు తీయించిన కార్డు మీద చిన్నపిల్ల ఫొటోనే ఉంటుంది. అయిదేళ్లకూ పదిహేనేళ్లకూ వేలిముద్రలు, ఫొటో తప్పనిసరిగా మళ్లీ తీయించాలన్న నియమం ఉన్నా, రెండోసారి వెళ్లనివాళ్లు చాలామంది. పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఏడేళ్ల నాటి ముఖమున్న కార్డు చూపిస్తే తనిఖీ చేసేవాళ్లు ఆగి చూస్తారు. నవీకరణ చేయించుకున్నా అది వెంటనే కార్డులోకి రాదు. ఇలాంటి పిల్లలకు ఇంటర్ రెండో సంవత్సరం హాల్‌టికెట్ పెద్ద ఆసరా. మార్చిలో పరీక్షలు అయిపోగానే దాన్ని పారేస్తుంటారు. నీట్ అయ్యేదాకా అది భద్రంగా ఉండాలి.

పేరు తేడా మన వైపు ఇంకా ఎక్కువ. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో దాని మొదటి అక్షరమే ఉంటుంది, ఇంటర్ హాల్‌టికెట్‌లో ఇంటిపేరు చివరికి వెళ్తుంది. దరఖాస్తులో ఎలా ఇచ్చారో నీట్ హాల్‌టికెట్ మీద అలాగే వస్తుంది. చేతిలో ఉన్న కార్డులన్నీ హాల్‌టికెట్ పక్కన పరిచి, ఏ కార్డు మీది పేరు, పుట్టిన తేదీ దానికి దగ్గరగా ఉన్నాయో చూసి దాన్ని ముందు చూపించాలి. రెండో కార్డు, పదో తరగతి మెమో తోడు వచ్చినవాళ్ల సంచిలో ఉంచాలి. గేటు దగ్గర అడిగితే తెచ్చి చూపించే వీలుంటుంది.

ఇక రాత సామగ్రి. ఇంట్లో వాళ్లు ఎక్కువ ఖర్చుపెట్టేది దీనికే, లోపలికి పోనిదీ ఇదే. నీట్‌లో సమాధానాలు ఓఎంఆర్ పత్రం మీద నల్ల బాల్ పాయింట్ పెన్నుతో నింపాలి, ఆ పెన్ను పరీక్షా కేంద్రంలోనే ఇస్తారు. సొంత పెన్ను, పెన్సిల్, స్కేలు, ఎరేజర్, అట్ట, జామెట్రీ పెట్టె, కాలిక్యులేటర్, తెల్లకాగితం ముక్క, ఇవేవీ రానివ్వరు. కాగితాలు పెట్టుకునే ప్లాస్టిక్ కవరు కూడా నిషేధంలోనే ఉంది. హాల్‌టికెట్ నలగకుండా పారదర్శకమైన ఫైలులో పెట్టుకుని వెళ్లినా, గేటు దగ్గర ఆ ఫైలు తోడువచ్చినవాళ్లకు ఇచ్చి కాగితాలు చేత్తో పట్టుకుని లోపలికి వెళ్లాలి. చిన్న పాస్‌పోర్టు ఫొటో జారిపోయేది ఈ క్షణంలోనే. దాన్ని రెండో పేజీ వెనక జెమ్ క్లిప్పుతో పట్టించి ఉంచాలన్నా లోహం కాబట్టి ఆపుతారు. గుప్పెట్లో పట్టుకోవడమే నయం. పారదర్శకమైన నీళ్ల సీసాను అనుమతిస్తారు, దాని మీద ఉన్న కాగితపు లేబులు ముందే పీకేయాలి.

పెన్ను ఇస్తారన్నాం కదా, అది చేతికి అలవాటు లేనిదై ఉంటుంది. అందుకని ఇంట్లో మాదిరి పరీక్షలు రాసేటప్పుడు చౌకరకం నల్ల బాల్ పెన్నుతోనే గడులు నింపడం అలవాటు చేసుకోవాలి. జెల్ పెన్నుతో సాధన చేసినవాళ్లకు పరీక్ష రోజున ప్రతి గడికీ ఎక్కువ సమయం పడుతుంది. 180 ప్రశ్నలకు 180 నిమిషాలే ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు.

గ్లూ స్టిక్, స్టాంపు ప్యాడ్, రెండు పెన్నులు, మిగిలిన ఫొటోలు, రెండో సెట్టు ప్రింటు మాత్రం ప్రయాణంలో ఉండాలి. ఇవన్నీ తోడువచ్చినవాళ్ల సంచిలో. ఆదివారం సెంటరు చుట్టుపక్కల జిరాక్స్ దుకాణం తెరిచి ఉంటుందని నమ్మలేం. ఉన్నా అక్కడ వరుస ఉంటుంది. పిల్ల వస్తువులు దాచడానికి సెంటరు వాళ్లు ఏ ఏర్పాటూ చేయరు. కాబట్టి ఈ పరీక్షకు దూరం నుంచి పిల్లను ఒంటరిగా పంపకూడదు. పంపక తప్పకపోతే, అదే సెంటరు పడిన ఇంకో విద్యార్థి కుటుంబంతో కలిపి పంపాలి.

మన ఉదాహరణలోని అమ్మాయి శనివారం ఉదయమే బయల్దేరి, సాయంత్రంలోగా గోపాలపట్నంలో బంధువుల ఇంటికి చేరుతుంది. ఆ సాయంత్రమే సెంటరు చూసి రావాలి. 2025లో చాలా సెంటర్లు ప్రభుత్వ విద్యాసంస్థల్లోనే పడ్డాయి. విశాఖలో కేంద్రీయ విద్యాలయాలు ఒకటికి మించి ఉన్నాయి. శ్రీవిజయనగర్‌లో ఒకటుంది, మల్కాపురంలో ఒకటుంది, రెండింటికీ మధ్య నగరంలో చాలా దూరం. ఆటో ఎక్కి ‘కేంద్రీయ విద్యాలయం’ అంటే డ్రైవరు తనకు తెలిసినదానికి తీసుకెళ్తాడు. హాల్‌టికెట్ మీద ఉన్న పూర్తి చిరునామా, పిన్‌కోడు చదివి చెప్పాలి. శనివారం వెళ్లి చూస్తే గేటు ఏ వీధిలో ఉందో, నీడలో నిలబడే చోటుందో కూడా తెలుస్తుంది.

ఆదివారం లెక్క గేటు నుంచి వెనక్కి వేయాలి. పరీక్ష మధ్యాహ్నం 2 గంటలకు. గేటు 1:30కి మూస్తారు, ఆ తర్వాత ఏ కారణం చెప్పినా తెరవరు. ప్రవేశం 11 గంటల నుంచే మొదలవుతుంది. లోపల ఒళ్లు తనిఖీ, బయోమెట్రిక్ హాజరు, హాల్‌టికెట్ పరిశీలన వరుసగా జరుగుతాయి. మన అమ్మాయి సెంటరు మల్కాపురమైతే, పదింటికి కడుపునిండా తిని, పదిన్నరకు బయల్దేరి, పదకొండున్నరకల్లా గేటు దగ్గర ఉండటం సరైన లెక్క. ఏ కారణం చేతనైనా సంప్రదాయ దుస్తులో, నిండు చేతుల బట్టలో వేసుకునేవాళ్లు 12:30 లోగా చేరాలన్న నియమం వేరే ఉంది. మిగతావాళ్లు పొట్టి చేతుల పలుచని బట్టలు, చెప్పులు వేసుకోవాలి. బూట్లు వద్దు.

ఏజెన్సీ పిల్లల విషయంలో ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. చిన్నప్పుడు పెట్టిన ముక్కుపుడక, చెవి కమ్మలు పరీక్ష రోజు గేటు దగ్గర ఊడదీయమంటే ఊడవు. లోహం ఏదైనా తీయాల్సిందే కాబట్టి, వారం ముందే కంసాలి దగ్గరికి వెళ్లి తీయించుకోవాలి. మెడలో, చేతికి కట్టిన తాయెత్తు సంగతీ అంతే. దాన్ని తీయడం ఇష్టంలేని ఇంట్లో ఆ మాట ముందే పెద్దవాళ్లతో మాట్లాడుకోవాలి. గేటు దగ్గర ఏడుస్తూ తెంపించుకుని లోపలికెళ్లిన పిల్ల ఆ పూట పరీక్ష ఎలా రాస్తుంది?

అయిదింటికి పరీక్ష ముగిశాక ఓఎంఆర్ పత్రం అసలుదీ కార్యాలయ ప్రతీ రెండూ ఇన్విజిలేటర్‌కు ఇచ్చేయాలి, హాల్‌టికెట్‌తో పాటు ఫొటో అంటించిన పేజీ కూడా అక్కడే ఇవ్వాలి. విద్యార్థి వెంట తెచ్చుకునేది ప్రశ్నపత్రం ఒక్కటే. అంటే నింపిన హాల్‌టికెట్ ఇక తిరిగి రాదు. సంచిలో ఉన్న రెండో సెట్టు, ఫోన్లలో దాచిన పీడీఎఫ్ ఆ తర్వాత కూడా కావాలి. ఫలితాలు వచ్చాక సీటుకు దరఖాస్తు చేసేటప్పుడు మళ్లీ హాల్‌టికెట్ అడుగుతారు, అప్పటికి సైటులో అది దొరకకపోవచ్చు. మిగిలిన పాస్‌పోర్టు ఫొటోలను కూడా అదే ఫైలులో పెట్టి, కాలేజీలో చేరేదాకా తీయకూడదు.